సుషుప్తి అంటే స్పృహ లేకపోవడమేనా?

సందేహం: ఒక వార్తలో "ప్రమాదం జరిగిన నాటి నుంచి బాధితుడు సుషుప్తావస్థలోనే ఉన్నాడు" అని చదివాను. కోమాను సుషుప్తి అనొచ్చా? అలాగే మెలకువ స్థితిని కొందరు జాగ్రదవస్థ అని, కొందరు జాగృదవస్థ అని రాస్తున్నారు. ఏది సరైనది?

సమాధానం: అనకూడదు. సుషుప్తి అంటే కల కూడా రాని గాఢనిద్ర. ఆరోగ్యంగా ఉన్న ఎవరికైనా రోజూ రాత్రి పట్టేదే. మాండూక్యోపనిషత్తులో ఉన్నవి 12 మంత్రాలే. వాటిలో మూడోది మెలకువను, నాలుగోది కలను, అయిదోది గాఢనిద్రను చెబుతాయి. నిద్రపోయినవాడు ఎక్కడ ఏ కోరికా కోరడో, ఏ కలా కనడో అదే సుషుప్తం అని అయిదో మంత్రం సూటిగా నిర్వచించింది.

ఈ మూడు స్థితుల్లో ఉండే ఆత్మకు ఉపనిషత్తు మూడు పేర్లు పెట్టింది. మెలకువలో వైశ్వానరుడు, కలలో తైజసుడు, గాఢనిద్రలో ప్రాజ్ఞుడు. ఈ మూడో పేరు దగ్గర కాస్త ఆగాలి. ఏమీ తెలియకుండా పడి ఉన్నాడని మనం అనుకునేవాడికి 'ప్రాజ్ఞుడు' అన్న పేరు ఎలా వచ్చింది? అదే మంత్రంలో 'ప్రజ్ఞానఘనుడు' అన్న మాట కూడా ఉంది. శంకరులు తన భాష్యంలో దీనికి మంచి పోలిక చెప్పారు. రాత్రి చీకట్లో వస్తువులన్నీ ఉంటాయి కానీ ఇది చెట్టు, అది గోడ అని విడివిడిగా తెలియవు, అంతా ఒకే ముద్దలా ఉంటుంది. గాఢనిద్రలో తెలివి కూడా అలాంటిదే. ఇది ఇదీ, అది అదీ అన్న విభజన పోయింది కానీ తెలివి పోలేదు. అందుకే సుషుప్తిని 'స్పృహ లేని స్థితి' అని అనువదిస్తే, ఆ పేరు పెట్టినవారు చెప్పదలచుకున్నదానికి సరిగ్గా ఎదురు అర్థం వస్తుంది.

దీనికి వేదాంతులు చూపే సాక్ష్యం మన ఇళ్లలో రోజూ వినిపించే మాటే. పొద్దున లేచి "హాయిగా పడుకున్నాను, ఒళ్లే తెలియలేదు" అంటాం. నిద్రలో ఏ అనుభవమూ లేకపోతే, హాయిగా ఉందని లేచాక ఎలా చెప్పగలం? అనుభవించనిది గుర్తుకు రాదు కదా. "ఏమీ తెలియలేదు" అన్న సంగతి కూడా అప్పుడు తెలిసిందే, ఇప్పుడు గుర్తొస్తోంది అని అద్వైతుల వాదం. తర్కానికి పెద్దపీట వేసే న్యాయదర్శనం వారు, అంటే నైయాయికులు, దీన్ని ఒప్పుకోరు. లేచాక ఒళ్లు తేలికగా ఉండటం చూసి, బాగా నిద్రపట్టి ఉంటుందని ఊహిస్తున్నామే తప్ప అది జ్ఞాపకం కాదని వాళ్లంటారు. ఈ చర్చ చాలా దూరం వెళ్లింది. నా మటుకు నాకు, "హాయిగా పడుకున్నాను" అనేటప్పుడు మనం ఆలోచించి ఒక నిర్ణయానికి వస్తున్నట్టు ఎప్పుడూ అనిపించదు. గుర్తు తెచ్చుకుని చెబుతున్నట్టే ఉంటుంది.

ఇక కోమా సంగతి. సరిగ్గా మీరు అడిగిన ప్రశ్నే బ్రహ్మసూత్రాల్లో వచ్చింది. మూడో అధ్యాయం, రెండో పాదం, పదో సూత్రం: 'ముగ్ధేఽర్ధసంపత్తిః పరిశేషాత్'. ఇక్కడ 'ముగ్ధుడు' అంటే స్పృహ తప్పినవాడు. తెలుగులో ఈ మాటకు మిగిలిన 'మైమరచినవాడు' అన్న అర్థం ఇక్కడ పనికిరాదు. ఇతన్ని ఏ స్థితిలో చేర్చాలి అన్నది చర్చ. శంకరులు ఒక్కో స్థితినీ తీసుకుని పరీక్షిస్తారు. ఇంద్రియాలతో దేన్నీ గ్రహించడం లేదు కాబట్టి మెలకువ కాదు. అసలేమీ తెలియడం లేదు కాబట్టి కల కాదు. చావు కూడా కాదు, ఎందుకంటే ఊపిరీ వెచ్చదనమూ ఉన్నాయి. ఎవరైనా పడిపోతే జనం వెచ్చగా ఉందా అని గుండె మీద చెయ్యి వేసి చూస్తారు, ఊపిరి ఆడుతోందా అని ముక్కు దగ్గర చూస్తారు అని కూడా ఆయన రాశారు. ఇవాళ్టికీ మనం చేసేది అదే.

అయితే సుషుప్తి అనొచ్చు కదా? అనకూడదు, లక్షణాలు కలవవు అంటారు. స్పృహ తప్పినవాడికి ఒక్కోసారి చాలాసేపు ఊపిరి ఆడదు, ఒళ్లు వణుకుతుంది, ముఖం భయంకరంగా ఉంటుంది, కళ్లు తెరుచుకుని ఉంటాయి. నిద్రపోయేవాడి ముఖం ప్రశాంతంగా ఉంటుంది, ఊపిరి సమంగా వచ్చి పోతుంటుంది, కళ్లు మూసుకుని ఉంటాయి. చేత్తో తడితే నిద్రపోయేవాడు లేస్తాడు, స్పృహ తప్పినవాడు గుదియతో మోదినా లేవడు. కారణాలూ వేరు: ఒకరికి దెబ్బ తగలడం వంటిది, ఇంకొకరికి అలసట. కాబట్టి మిగిలింది 'అర్ధసంపత్తి', అంటే సగం సుషుప్తి లాంటిది, సగం మరణం లాంటిది. ఇది మరణానికి ద్వారం అని కూడా అన్నారు. మరి దీన్ని ఇంకో అవస్థగా ఎందుకు లెక్కపెట్టలేదు? రోజూ వచ్చేది కాదు, ఎప్పుడో ఎవరికో వస్తుంది, అందుకని.

ఇంత స్పష్టమైన తేడా ఉన్నప్పుడు, ఆసుపత్రిలో ఉన్న మనిషి గురించి 'సుషుప్తావస్థ' అని రాస్తే అతను సుఖంగా నిద్రపోతున్నాడని చెప్పినట్టవుతుంది. 'కోమా' అనే రాయండి, అందరికీ తెలిసిన మాట. 'అపస్మారక స్థితి' కూడా వాడుకలో స్థిరపడింది. ఆయుర్వేదంలో అపస్మారం అంటే మూర్ఛరోగం అయినా, నేటి తెలుగులో ఆ గందరగోళం లేదు.

రూపాల విషయానికొస్తే, సు + సుప్తి సుషుప్తి అవుతుంది. 'సు', 'వి' వంటి ఉపసర్గల తర్వాత సుప్తి, సమ వంటి కొన్ని మాటల్లో స కారం ష కారంగా మారుతుందని పాణిని సూత్రం. వి + సమ 'విషమ' అయింది కూడా ఆ సూత్రం ప్రకారమే. కాబట్టి 'సుశుప్తి' తప్పు. సుషుప్త్యవస్థ, సుషుప్తావస్థ రెండూ ఒప్పే. మొదటిది సుషుప్తి + అవస్థ, రెండోది సుషుప్త + అవస్థ.

మెలకువకు మీరు అడిగిన రెండు రూపాల్లో జాగ్రదవస్థ సరైనది. ధాతువు 'జాగృ'. మేలుకొని ఉన్న అన్న అర్థంలో దానికి 'అత్' చేరితే ఋ కారం రేఫగా మారి 'జాగ్రత్' అవుతుంది. దాని మీద అవస్థ చేరితే త కారం ద కారమై జాగ్రదవస్థ. మనం రోజూ అనే 'జాగ్రత్త' కూడా ఈ జాగ్రత్ నుంచి వచ్చిందే. 'జాగృత్' అనే రూపం లేదు కాబట్టి జాగృదవస్థకు ఆధారం లేదు. 'జాగృతావస్థ' కూడా చాలామంది రాస్తారు. కానీ పాణిని ప్రకారం ఇక్కడ ఋ కారానికి గుణం వచ్చి అది 'అర్' కావాలి, కనుక 'జాగరిత' అవుతుంది. మాండూక్యం వాడిన మాట కూడా 'జాగరితస్థానః' అనే. శివరాత్రి జాగరంలో వినిపించే 'గర' ఇదే. ఈ లెక్కన 'జాగృతి' కూడా 'జాగర్తి' కావాలి కానీ, చైతన్యం అన్న అర్థంలో జాగృతి తెలుగులో బాగా పాతుకుపోయింది. దాన్ని ఆ అర్థంలో అలాగే వాడుకోవచ్చు. మూడు అవస్థల గురించి రాసేటప్పుడు మాత్రం జాగ్రత్ అనే రాయండి.