లోడ్ పెంచినప్పుడు కట్టిన డిపాజిట్ లెక్కలోకి రాలేదా?

ప్రశ్న: మాది ఏపీలో సొంతిల్లు. ఏసీలు పెట్టాక డిసెంబర్లో లోడ్ 3 కిలోవాట్ల నుంచి 5 కి పెంచుకున్నాం, అప్పుడే డెవలప్‌మెంట్ చార్జీలు, డిపాజిట్ అన్నీ కట్టేశాం. ఇప్పుడు బిల్లులో ఏసీడీ, అంటే అదనపు వినియోగ డిపాజిట్, 3,800 అని వేశారు. ఒకసారి కట్టాక మళ్ళీ డిపాజిట్ ఏంటండీ? ఈ డబ్బు ఎప్పటికైనా తిరిగొస్తుందా? (రసీదులు, 12 నెలల బిల్లులు జత చేశాను.)

జవాబు: మీ కాగితాలు చూశానండి. ఏసీడీ అడగడం తప్పు కాదు గానీ అడిగిన అంకె మాత్రం తప్పే అనిపిస్తోంది, ఎందుకో చెప్తా.

డిసెంబర్ రసీదులో రెండు రకాల డబ్బు వుంది. డెవలప్‌మెంట్ చార్జీలు లైన్లు, ట్రాన్స్‌ఫార్మర్ల ఖర్చు కింద పోయినట్టే, తిరిగి రావు. దాని కింద చిన్నగా సెక్యూరిటీ డిపాజిట్ 400 అని వుంది చూడండి, 2 కిలోవాట్లకి కిలోవాట్‌కి 200 చొప్పున, అది మాత్రం మీ డబ్బే, వాళ్ళ దగ్గర దాచినట్టు లెక్క.

ఇక ఏసీడీ అనేది లోడ్ చూసి వేసేది కాదు, వాడకం చూసి వేసేది. విద్యుత్ నియంత్రణ మండలి, అంటే ఈఆర్‌సీ, 2004 లో తెచ్చిన 6వ నంబర్ రెగ్యులేషన్ ప్రకారం నెలనెలా బిల్లు వచ్చేవాళ్ళ డిపాజిట్ ఎప్పుడూ రెండు నెలల చార్జీలకి సమానంగా వుండాలి. ఏడాదికోసారి ఏప్రిల్ నుంచి మార్చి దాకా బిల్లుల సగటు తీసి, వున్న డిపాజిట్ చాలకపోతే తేడా అడుగుతారు. అందుకే లోడ్ అస్సలు పెంచని పక్కింటాయనకి కూడా ఏసీడీ వస్తుంది, లోడ్ పెంచినా ఏసీలు ఆన్ చేయని ఇంటికి రాకపోవచ్చు.

మీ బిల్లులు నేనే కూడి చూశాను. ఎనర్జీ చార్జీలు, ఫిక్స్‌డ్ చార్జీలు కలిపి 12 నెలలకి 28,800, అంటే నెలకి 2,400, రెండు నెలలకి 4,800. మీరు మొదట్లో కట్టిన 600, మధ్యలో ఒకసారి కట్టిన ఏసీడీ 400, డిసెంబర్లో కట్టిన 400, మొత్తం 1,400 వాళ్ళ దగ్గర వుంది కాబట్టి అడగాల్సింది 3,400. వాళ్ళు అడిగింది 3,800. తేడా సరిగ్గా 400! అంటే డిసెంబర్ డబ్బు మీ సర్వీస్ నంబర్ డిపాజిట్ ఖాతాలో ఎక్కలేదన్నమాట, బిల్లు మీద డిపాజిట్ 1,000 అనే చూపిస్తోంది కూడా. లోడ్ పెంచిన కేసుల్లో నేను ఎక్కువగా చూసే తప్పు ఇదే.

కరెంటు బిల్లుల లెక్కలు చూసే ఈఆర్ఓ ఆఫీసుకి వెళ్ళి, డిసెంబర్ రసీదు జిరాక్స్ పెట్టి, డిపాజిట్ 1,400 గా సరిచేసి ఏసీడీ మళ్ళీ లెక్కకట్టమని రాసి ఇవ్వండి, మీ కాపీ మీద ముద్ర వేయించుకోవడం మర్చిపోవద్దు, నోటిమాటగా చెప్తే ఆ కౌంటర్ దగ్గరే ఆగిపోతుంది. అలాగని మొత్తం కట్టకుండా కూర్చోకండి. విద్యుత్ చట్టం 2003 సెక్షన్ 47 కింద నోటీసు ఇచ్చాక 30 రోజుల్లో డిపాజిట్ కట్టకపోతే సప్లై ఆపే హక్కు వాళ్ళకుంది. అందుకని ఒప్పుకున్న 3,400 గడువులోపు కట్టేసి, మిగతా 400 మీద అభ్యంతరం వుందని అదే లెటర్లో రాయండి. కౌంటర్లో తక్కువ తీసుకోం అంటే పూర్తిగా కట్టి, అభ్యంతరంతో కడుతున్నానని రాసి పెట్టుకోండి. అప్పటికీ సరిచేయకపోతే వినియోగదారుల ఫిర్యాదుల ఫోరం, అంటే సీజీఆర్ఎఫ్ కి వెళ్ళొచ్చు, లాయర్ అక్కర్లేదు (నా పొట్ట మీద నేనే కొట్టుకుంటున్నా!), అక్కడా కాకపోతే విద్యుత్ అంబుడ్స్‌మన్.

తిరిగొస్తుందా అన్నారు కదా, మూడు దారుల్లో వస్తుంది. ఒకటి వడ్డీ, ఆర్‌బీఐ బ్యాంక్ రేటు చొప్పున లెక్కకట్టి ఏటా మే నెల నుంచి వచ్చే బిల్లుల్లో తగ్గించాలి. 2025 ఏప్రిల్ మొదట్లో ఆ రేటు 6.50 శాతం, అంటే మీ 1,000 మీద ఏడాదికి 65 రూపాయలు, చిన్నదే గానీ బిల్లులో మైనస్ గుర్తుతో వుందో లేదో చూడండి, ఖాతాలో ఎక్కని 400 మీద వడ్డీ రాదు కదా. రెండోది, రేపు మీరు సోలార్ పెట్టుకున్నా, పిల్లలు బయటికెళ్ళి వాడకం తగ్గినా, తర్వాతి రివ్యూలో ఎక్కువైన డిపాజిట్ బిల్లుల్లో సర్దుతారు. మూడోది, సర్వీస్ పూర్తిగా సరెండర్ చేస్తే ఆఖరి బిల్లు బాకీ పట్టుకుని మిగతాది ఇస్తారు, కానీ అప్లికేషన్ పెట్టుకోవాలి, అడక్కుండా రాదు.

ఇల్లు అమ్మే ఆలోచన వుంటే ఒక్క మాట. మీటర్ పేరు మార్పిడికి కొనేవాళ్ళు డిపాజిట్ బదిలీకి మీ సంతకం అడుగుతారు. ఏసీడీతో కలిపి అప్పటికి 4,800 వుంటుంది, ఆ మొత్తం వాళ్ళ దగ్గర తీసుకున్నాకే సంతకం పెట్టండి.