కార్డు లాక్కోకండి, రెండు సంతకాల ఖాతా తెరవండి

“తమ్ముడికి 29 ఏళ్లు. ఆన్‌లైన్ రమ్మీలో చాలా పోగొట్టుకుని మానేశాడు. డబ్బు నువ్వే చూడు అక్కా అంటున్నాడు. ఏటీఎం కార్డు నా దగ్గర పెట్టుకోవచ్చా?”

వద్దండి. మా అన్నయ్య కార్డు, పిన్ నేనే దాచాను. ప్రతి టీ ఖర్చుకూ నన్ను అడగలేక మూడో నెలలో లోన్ యాప్ పట్టాడు.

తర్వాత చేసినది చెబుతాను. జీతం 42,000. అద్దె, వాయిదాలు కలిపి 28,000 జీతం పడిన మర్నాడే వాటంతట అవే వెళ్లేలా బ్యాంకులో ఆయనే రాసిచ్చాడు. వారానికి 2,000 చొప్పున వేరే ఖాతాలోకి వెళుతుంది. ఆయన ఫోనులో యూపీఐ ఉన్నది ఆ ఒక్క ఖాతాకే. దాని లెక్క నేను అడగను.

మిగిలిన 6,000 ఇద్దరి పేర ఉన్న ఖాతాలోకి. తెరిచేటప్పుడు ‘ఇద్దరూ సంతకం చేస్తేనే’ అన్న పద్ధతి ఎంచుకోండి. ‘ఇద్దరిలో ఎవరైనా’ అని టిక్కు పెడితే అర్ధరాత్రి ఒక్కరే ఖాళీ చేయగలరు. మా బ్యాంకు దీనికి కార్డు ఇవ్వలేదు, అదీ మంచిదే అయింది. ఆయన ఒక్కడే తీయలేడు, నేనూ తీయలేను. ఆయనకు నచ్చినది నేనూ తీయలేకపోవడమే.

పాత అప్పులు తెలియాలంటే సిబిల్ నివేదిక ఏడాదికోసారి ఉచితం. తమ్ముడి చేతే తెరిపించి పక్కన కూర్చోండి. తీర్చదలిస్తే అప్పిచ్చినవారికే నేరుగా కట్టండి, తమ్ముడి చేతికివ్వకండి. మళ్లీ ఆడాలనిపించిన రాత్రికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఫోనులో పెట్టుకోమనండి.