నర్సరీ పిల్లలకు దోసె పాట: మా అమ్మాయికి ఒక ఉత్తరం

చిరంజీవి అమ్మాయికి, పెద్దమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరమూ, దానితో పంపిన అభినయ గేయమూ అందాయి. మూడు, నాలుగేళ్ల పిల్లల కోసం అమ్మమ్మ దోసెలు వేయడాన్ని ఎంచుకోవడం నాకు చాలా నచ్చింది, ఎందుకంటే ఆ పనిని వాళ్లు ఇంట్లో రోజూ చూస్తారు, చేతులతో చేసి చూపగలరు, అందులో ఒకదాని తరువాత ఒకటి జరిగే వరుస కూడా ఉంది. కానీ నీ పాటను తరగతిలో పాడితే పిల్లలు నిలబడి వింటారే తప్ప కదలరని నా అనుమానం. దానికి కారణం నీ రెండో చరణంలోనే కనిపిస్తోంది: "గరిటెతో పిండిని పెనంపై పోసె." ఇది చక్కని వాక్యమే. అయితే తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది కాబట్టి, పిల్లవాడు గరిటె, పిండి, పెనం అనే మూడు మాటలు దాటిన తరువాతే ఏం చేయాలో వింటాడు. వాడి చేయి లేచే సమయానికి నీవు తరువాతి చరణంలో ఉంటావు. ఒక అడుగు వెనుకబడిన పిల్లవాడు ఇక పాటను వదిలేసి పక్కవాడి చేతులు చూడటం మొదలుపెడతాడు.

అందుచేత అభినయ గేయంలో చేయవలసిన పనిని చెప్పే మాటను చరణం మొదటికి తీసుకురావాలి. దాన్ని రెండుసార్లు అనాలి, మొదటిసారి విని రెండోసారికి చేయి కదుపుతారు కాబట్టి. చరణానికి ఒక్క పనే ఉండాలి. "గరిటె తీసి పిండి పోసి" అని రాస్తే పెద్దవాళ్లకు చిన్న చరణమే, కానీ అందులో తీయడం, పోయడం అని రెండు పనులున్నాయి. మూడేళ్ల పిల్లలు మొదటిది పూర్తి చేయకుండా రెండోదానికి వెళ్లలేరు.

నడక విషయంలో నీ చరణాన్ని ఒకసారి మాత్రలు లెక్కపెట్టి చూడు. గరిటెతో అన్నప్పుడు 5, పిండిని 4, పెనంపై 5, పోసె 3. ఇలా మాట మాటకూ కొలత మారితే చప్పట్లు ఎక్కడ పడాలో నీకే తెలియదు. దోసె, పిండి, గరిటె, తిప్పు అన్నీ మూడు మాత్రల మాటలే కనుక ఈ పాటకు తిశ్రగతి తనంతట తానే కుదురుతుంది. చరణానికి నాలుగు మాటలు, మాటకు మూడు మాత్రలు, మాటకు ఒక దెబ్బ. నేను ఇలా మార్చి చూశాను:

తోడు తోడు పిండి తోడు
తిప్పు తిప్పు గరిటె తిప్పు
చుయ్యి చుయ్యి దోసె కాలె
ఎగురు ఎగురు దోసె ఎగురు
నములు నములు బాగ నములు

పిండి రుబ్బడంతో మొదలుపెడదామని ముందు అనుకున్నాను. రుబ్బడం, గరిటె తిప్పడం రెండూ చేతిని గుండ్రంగా తిప్పడమే కాబట్టి, ఒకదాని వెంట ఒకటి వస్తే పిల్లలకు తేడా తెలియదు. పైగా ఇప్పటి పిల్లల్లో చాలామంది రుబ్బురోలును చూసి ఉండరు, చూడని పనిని వాళ్లు అభినయించలేరు. అందుకని తీసేశాను.

మూడో చరణాన్ని మొదట "కాలు కాలు దోసె కాలు" అని రాసుకుని, పిల్లలతో పాడించాను. సగం మంది వంగి తమ కాళ్లు పట్టుకున్నారు. వాళ్లు విన్నదాన్నే చేశారు, పొరపాటు పాటదే. రెండర్థాలున్న క్రియను అభినయ గేయంలో పెట్టకూడదని అప్పుడు గట్టిగా తెలిసింది. శబ్దాన్నే పనిగా చేసి "చుయ్యి చుయ్యి" అని మార్చగానే, రెండు చేతుల వేళ్లనూ ఆడిస్తూ పాటంతటిలోకీ దానినే గట్టిగా పాడసాగారు.

ఇక కదలికలు. తోడటానికి పిడికిలిని కిందికి దించి పైకి తేవాలి. తిప్పడానికి ఒక అరచేతిని పెనంలా చాపి, దాని మీద రెండో చేతిని గుండ్రంగా తిప్పాలి. ఏ చేయి అన్నది పాటలో చెప్పవద్దు, ఆ వయసుకు కుడి ఎడమలు ఇంకా స్థిరపడవు. నీవు వాళ్లకు ఎదురుగా నిలబడతావు కాబట్టి నీ ఎడమ చేయి వాడితే అద్దంలో బొమ్మలా వాళ్ల కుడి చేయి కదులుతుంది. దోసె తిరగవేసే చోట పిల్లల్ని గిరగిర తిప్పాలని ఎవరికైనా తోస్తుంది, నాకూ తోచింది. కానీ మూడేళ్లవాళ్లు ఒకసారి తిరిగాక ఆగలేక పక్కవారి మీద పడతారు, ముఖం ఎటు ఉండాలో మరచిపోతారు. అందుకే ఎగరడం పెట్టాను. ఎగరడం కూడా మాట మాటకూ వద్దు: మొదటి మూడు మాటలకు మోకాళ్లు వంచి ఆగి, చివరి "ఎగురు" దగ్గర రెండు పాదాలతో ఒక్కసారే ఎగరాలి. ఒంటికాలి మీద గెంతడం మూడేళ్లవాళ్లలో చాలామందికి రాదు, దాన్ని ఏ పాటలోనూ పెట్టకు. ఇంకా ఎగరలేని పిల్ల ఉంటే మడమలు పైకెత్తితే చాలు.

ఎగరడం నాలుగో చరణంలోనే ఉండాలనడానికి కారణముంది. అది చివర ఉంటే పాట ఆగాక కూడా తరగతి ఎగురుతూనే ఉంటుంది, తరువాత కథ చెప్పాలన్నా పలకలు పంచాలన్నా నీకు పావుగంట పడుతుంది. "నములు నములు" అంటూ గొంతు తగ్గించి, వేగం తగ్గించి, నీవు మెల్లగా కింద కూర్చో. కూర్చోమని పాటలో చెప్పనక్కరలేదు, నమలుతూనే వాళ్లూ కూర్చుంటారు.

ప్రతి చరణాన్నీ రెండేసి సార్లు పాడితే మొత్తం 40 దెబ్బలవుతాయి, నింపాదిగా పాడినా నిమిషం దాటదు. అంతకన్నా పెంచకు. వరసను స నుంచి ప వరకు ఉన్న ఐదు స్వరాల్లోనే కట్టు. శ్రుతి నీ గొంతుకు హాయిగా ఉన్నదానికన్నా కొంచెం ఎక్కువగా ఉండాలి, మనం కింద పాడితే వాళ్లు పాడటం మాని మాటలు చదివినట్లు అరుస్తారు.

మొదటి రోజు మాటలు లేకుండా కదలికలు మాత్రమే చేసి, ఇదేమిటని అడుగు. దోసె అని ఒక్కరూ అనకపోతే నీ కదలిక స్పష్టంగా లేదన్నమాట. మూడో రోజు పాట పాడుతూ చేతులు వెనక్కి కట్టుకో. అప్పటికి కూడా వాళ్లు నీ భుజాల వైపు చూస్తూ ఆగిపోతే, వాళ్లు నీ చేతుల్ని అనుకరిస్తున్నారే తప్ప మాటను పట్టుకోలేదు, ఇంకో రెండు రోజులు నీవు కూడా చేస్తూ పాడు. కొందరే ఒక చరణం దగ్గర ఆగితే పిల్లలకు సమయం ఇవ్వు, అందరూ ఒకే చరణం దగ్గర ఆగితే ఆ చరణాన్ని మార్చు. చిన్న మార్పైనా ముందు నీవు నిలబడి, చేతులతో చేస్తూ, పది సార్లు పాడి చూసుకో. కూర్చుని రాసినప్పుడు కుదిరినట్లు అనిపించిన మాట నిలబడి చేస్తే కుదరకపోవడం నేను చాలాసార్లు చూశాను.

నాలుగో రోజున ప్రతి చరణంలోనూ "తోడు" లాంటి చివరి మాట దగ్గర నీవు ఆగి వాళ్లనే అననివ్వు. ఆ రోజు ఏ చరణం దగ్గర ఎంతమంది అన్నారో నాకు రాయి. "బాగ నములు" అన్న చివరి చరణం మీద నాకు ఇంకా పూర్తి నమ్మకం కుదరలేదు, పిల్లలు అక్కడ ఏం చేశారో ప్రత్యేకంగా రాయి.

ఇట్లు,
నీ పెద్దమ్మ