ఫ్లూ టీకా వేయించుకున్నా ఫ్లూ వస్తే టీకా పని చేయనట్టేనా?

ప్రశ్న: అమ్మకి అక్టోబరులో ఫ్లూ టీకా వేయించాం. జనవరిలో ఫ్లూ వచ్చింది. ఇక టీకా వల్ల లాభమేంటి?

ఆ లాభం ఎక్కువగా ఊపిరితిత్తుల్లో కనిపిస్తుంది. చేతికి వేసే టీకాతో తయారైన యాంటీబాడీలు ప్రధానంగా రక్తంలో తిరుగుతాయి. వైరస్ మొదట దిగేది ముక్కు, గొంతులో. అక్కడి పొరల్లోకి ఇవి కొద్దిగానే చేరతాయి కాబట్టి జ్వరం, దగ్గు రావచ్చు. ఊపిరితిత్తుల లోపలికి మాత్రం రక్తం నుంచి బాగానే చేరతాయి. న్యుమోనియా వచ్చేది అక్కడే.

ఇంకో చిక్కు, వైరస్ మారిపోవడం. ఉత్తరార్ధగోళపు చలికాలం టీకాలో ఏ రకాలుండాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫిబ్రవరిలోనే చెప్పేస్తుంది. 2014లో ఆ తర్వాత హెచ్3ఎన్2 అనే ఫ్లూ వైరస్ రకం మారింది. ఆ చలికాలం అమెరికాలో టీకా రక్షణ 20 శాతం దగ్గరే ఆగింది. అయినా మారిన వైరస్‌కి కొన్ని యాంటీబాడీలు కొంతైనా అతుక్కుంటాయి, టీకాని గుర్తుంచుకున్న కణాలు త్వరగా మేల్కొంటాయి. వైరస్ పెరగడానికి దొరికే సమయం తగ్గుతుంది.

న్యూజిలాండ్‌లో 2012-15 మధ్య ఫ్లూతో ఆసుపత్రిలో చేరిన వయోజనుల్ని గమనించారు. వాళ్లలో టీకా వేసుకున్నవాళ్లు ఐసీయూకి వెళ్లే అవకాశం, వేసుకోనివాళ్లకంటే 59 శాతం తక్కువ. ఆసుపత్రి దాకా వచ్చినవాళ్లలోనే ఇంత తేడా ఉండటం నాకు చాలా పెద్ద విషయం.

వయసు పైబడ్డవాళ్లలో టీకాకి స్పందన బలహీనం, నెలలు గడిచేకొద్దీ ఇంకా తగ్గుతుంది. అందుకే అమ్మకి ఆయాసం, తికమక, తగ్గిన జ్వరం మళ్లీ రావడం కనిపిస్తే టీకా వేశాం కదా అని ఆగకండి. ఒసెల్టామివిర్ అనే ఫ్లూ మందు, లక్షణాలు కనిపించిన మొదటి 48 గంటల్లో మొదలుపెడితేనే ఎక్కువ మేలు, డాక్టర్‌ని వెంటనే అడగండి.