ఉత్తరంలో ‘ఉంటాను’

సందేహం: పరాయి దేశంలో కూలిపనికి వెళ్లిన కుర్రాడి మీద షార్ట్ ఫిల్మ్ రాస్తున్నాను. వాడు అమ్మకు రాసిన ఉత్తరం వాయిస్ ఓవర్‌గా వినిపిస్తుంటే, తెర మీద వాడి అసలు బతుకు కనిపిస్తుంది. ‘అమ్మా, నేనిక్కడ చాలా సంతోషంగా జీవిస్తున్నాను. మంచి గది ఇచ్చారు. పని తేలిక. పాస్‌పోర్టు జాగ్రత్తగా దాచుకున్నాను. వచ్చే ఏడాది వస్తాననుకుంటున్నాను’ అని రాశాను. భాష పుస్తకంలా ఉందని డైరెక్టర్ అంటున్నాడు. మాండలికంలోకి మారిస్తే సరిపోతుందా?

సమాధానం: పుస్తకంలా ఉన్నది మొదటి వాక్యం ఒక్కటే. ‘సంతోషంగా జీవిస్తున్నాను’ అని ఏ కొడుకూ అమ్మకు రాయడు, ‘బాగున్నాను’ అని రాస్తాడు. మాండలికం మీ ఇష్టం. గొంతు ఇచ్చే నటుడికి అది పుట్టుకతో వచ్చిన యాస అయితే వాడండి, నేర్చుకుని పలికేదైతే వద్దు. ఏ యాసలో రాసినా అసలు చిక్కు మాత్రం అలాగే ఉంటుంది.

మీ ఉత్తరంలో ‘మంచి’, ‘తేలిక’ లాంటివి తీర్పు చెప్పే మాటలు. గది మంచిదని గొంతు చెబుతుంది, ఇరుకు గది కనబడుతుంది. పని తేలికని చెబుతుంది, బరువులు మోయడం కనబడుతుంది. రెండో వాక్యానికల్లా ప్రేక్షకుడికి లెక్క తెలిసిపోతుంది. మూడో వాక్యం నుంచి అతను వినడం మానేసి, వచ్చే బొమ్మ ఏమిటో ముందే ఊహించుకుంటూ కూర్చుంటాడు. సినిమాకు మాటలు వస్తున్న కొత్తలోనే, 1928లో, సోవియట్ దర్శకులు ఐజెన్‌స్టైన్, పుడోవ్‌కిన్, అలెగ్జాండ్రోవ్ కలిసి ఒక ప్రకటన చేశారు. శబ్దం బొమ్మతో పొసగకుండా ఉండాలని అందులో కోరారు. పొసగకపోవడం వేరు, ఎదురు చెప్పడం వేరు. మీరు రెండోది చేస్తున్నారు.

వాడి చేత అబద్ధం రాయించకండి. నిజమే రాయించండి, కాకపోతే ఆ నిజం అమ్మకు ఒకలా, చూసేవాడికి ఇంకోలా అర్థం కావాలి. ఇందుకు తెలుగులో మంచి సదుపాయాలున్నాయి.

‘మంచి గది ఇచ్చారు’ తీసేసి ఇలా రాశారనుకోండి: ‘పదో అంతస్తులో ఉంటాను. పైనుంచి చూస్తే సముద్రం కనిపిస్తుంది.’ బొమ్మలో వాడు కడుతున్న భవనం పదో అంతస్తు అంచున కూర్చుని ఇనుప ఊచలకు తీగ చుడుతున్నాడు. దూరంగా సముద్రం. ఒక్క ముక్క కూడా అబద్ధం కాదు. మన ‘ఉండు’ ధాతువు కాపురం ఉండటానికీ, ఒకచోట ఉండటానికీ రెండింటికీ పనికొస్తుంది. అమ్మ కాపురం అనుకుంటుంది, మనం పని చూస్తాం. ఇక్కడ ‘ఉంటున్నాను’ అని మాత్రం రాయకండి. అది నివాసం మీదికే వెళ్తుంది కాబట్టి మళ్లీ అబద్ధం అయిపోతుంది. ‘ఉంటాను’లో రోజూ జరిగేది అనే అర్థం ఉంది. పాత వ్యాకరణాలు తద్ధర్మం అన్న పని ఇప్పుడు ఈ రూపమే చేస్తోంది. రేపటి సంగతికీ ఇదే రూపం. ‘డబ్బు పంపిస్తాను’ అంటే నెలనెలా పంపుతున్నాడో, ఇకముందు పంపుతాడో మాట చెప్పదు, బొమ్మ చెప్పాలి.

పాస్‌పోర్టు వాక్యం నాకు నచ్చింది, అమ్మలు అడిగే మొదటి జాగ్రత్త అదే. కానీ ‘దాచుకున్నాను’లో వాడు కర్త అయ్యాడు. ‘పాస్‌పోర్టు భద్రంగా ఉంది’ అనండి. దాచింది ఎవరో ఆ వాక్యంలో లేదు, లేదన్న సంగతి వినేవాళ్లకు తోచదు కూడా. తెర మీద సూపర్‌వైజర్ కొన్ని పాస్‌పోర్టులకు రబ్బరు బ్యాండు వేసి, డ్రాయరులో పెట్టి తాళం తిప్పుతాడు. భద్రంగానే ఉంది మరి! ఇలా పాస్‌పోర్టులు లాగేసుకోవడం చాలాచోట్ల చట్టవిరుద్ధమే, అయినా జరుగుతూనే ఉంది.

ఆ తాళం ఎప్పుడు కనబడాలి? సాధారణంగా మన వాక్యంలో క్రియ చివరికి వస్తుంది. అవునో కాదో, చేశాడో చేస్తాడో అక్కడే తేలుతుంది. అంతవరకూ వినేవాడు ఆగి ఉంటాడు. కాబట్టి ‘పాస్‌పోర్టు భద్రంగా’ అంటున్నంతసేపు రబ్బరు బ్యాండు దాకా, చేతులు మాత్రమే చూపండి. అవి ఎవరి చేతులైనా కావచ్చు. ‘ఉంది’ పూర్తయ్యాక తాళం. ముందే తాళం చూపిస్తే, వాక్యం మొదలవుతుండగానే అబద్ధంలా వినిపిస్తుంది. తర్వాత చూపిస్తే, ప్రేక్షకుడు రెండు క్షణాలు అమ్మలాగే నమ్మి, ఆ తర్వాత తెలుసుకుంటాడు. నిదానంగా చదివేటప్పుడు సెకనుకు నాలుగైదు అక్షరాలు నడుస్తాయి. ‘పాస్‌పోర్టు భద్రంగా ఉంది’ రెండు సెకన్ల మాట. షాటు నాలుగైదు సెకన్లయినా ఉండాలి, లేకపోతే తాళం చప్పుడు మీదే తర్వాతి వాక్యం పడుతుంది. మాటలు నింపాలన్న తొందర రచయితలకు ఉంటుంది, ఎడిటరు మీద దయ చూపండి.

చివరి వాక్యం కూడా ఇలాంటిదే, కానీ మీరు సంధి చేసి దాన్ని చెడగొట్టుకున్నారు. ‘వస్తాననుకుంటున్నాను’ ఒకే ఊపిరిలో పలకాల్సిన మాట, నటుడికి మధ్యలో ఆగే చోటు లేదు. ‘వచ్చే ఏడాది వస్తానని... అనుకుంటున్నాను’ అని విడదీయండి. ‘వస్తానని’ దగ్గర బూట్లు తొడుక్కుంటూ తల ఎత్తిన వాడి ముఖం, ఆ ఆగిన చోట కిటికీలోంచి సైటుకు వెళ్లే బస్సు హారన్, ‘అనుకుంటున్నాను’ మీద మళ్లీ బూటు లేసు. మాట ఆగిపోయిన ఆ ఖాళీలో ఉత్తరం మొత్తం చేసే పని జరుగుతుంది.

‘బాగున్నాను’ విషయంలో ఒక హెచ్చరిక. ‘బాగానే ఉన్నాను’ అని రాశారంటే అమ్మ పట్టేస్తుంది. ఆ ‘నే’లో ఏదో మింగిన చప్పుడు ఉంటుంది. మొదట్లో దాన్ని పొరపాటున కూడా రానివ్వకండి, మధ్యలో ఒక్కసారి, వాడు అలసిపోయిన చోట జారనివ్వండి. ఆ సమయానికి తెర మీద ఘోరం ఏమీ ఉండకూడదు. ఖాళీగా ఆరేసిన చొక్కా చాలు. మిగతా అన్నిచోట్లా మాట మామూలుగా ఉండి బొమ్మ బాధపెడితే, ఇక్కడ ఒక్కచోట బొమ్మ మామూలుగా ఉండి మాట బాధపెడుతుంది.

రాసింది సరిగా వచ్చిందో లేదో తెలుసుకోవాలంటే, కథ తెలియని పెద్దామె ఎవరికైనా ఉత్తరం ఒక్కటే చదివి వినిపించండి. ‘పాపం, ఏం కష్టంలో ఉన్నాడో’ అంటే ఎక్కడో ఒక వాక్యం బయటపడిపోయింది. ఏ మాట దగ్గర ఆమె ముఖం మారిందో చూసి దాన్ని తిరగరాయండి. ‘అదృష్టవంతుడు’ అంటే వదిలేయండి.

ముగింపులో ‘ఇట్లు’ వద్దు. ‘ఇక ఉంటానమ్మా’ అంటే చాలు. సెలవు తీసుకునేటప్పుడు మనం మామూలుగా అనేదే కాబట్టి ఎవరికీ ఏమీ అనిపించదు. బయల్దేరిన రోజు గుమ్మం దగ్గర వాడు అన్నది ‘వెళ్లొస్తానమ్మా’ అని మొదటి సీన్‌లోనే వినిపించి ఉంచండి. ‘ఉంటానమ్మా’ మీద గదిలో లైటు ఆర్పేసి వాడు కింది మంచం మీదికి వంగుతాడు. ఆ షాటుకు సంగీతం పెట్టకండి.