త్రిలింగం: మూడింటి ‘నడుమ’నా?

సందేహం: మా ఊరి చరిత్ర రాస్తూ “శ్రీశైలం, కాళేశ్వరం, ద్రాక్షారామం అనే మూడు లింగాల నడుమ ఉన్నందున మన నేలకు త్రిలింగ దేశమని పేరు, అదే తెలుగు అయింది” అన్నాను. మాది కడప జిల్లా. మా అబ్బాయి మ్యాపులో మూడు గీతలు గీసి “మనం బయట ఉన్నాం కదా నాన్నా” అన్నాడు. వాక్యం ఎక్కడ తప్పింది?

సమాధానం: తప్పిన మాట ‘నడుమ’. మీ అబ్బాయి గీతల్ని నేనూ గీసి చూశాను. కడప ఒక్కటే కాదు, నెల్లూరు, విశాఖపట్నం, హైదరాబాదు, కరీంనగర్ కూడా బయటే. కాకతీయుల ఓరుగల్లు దాదాపు గీత మీద పడుతుంది. రాజధానే అంచున ఉంటే, ఆ ముక్కోణం దేశానికి సరిహద్దు ఎలా అవుతుంది?

సమాసాన్ని విప్పితే చిక్కు వీడుతుంది. ముక్కంటి అంటే మూడు కన్నులు కలవాడు. మూడు కన్నుల నడుమ ఉన్నవాడు అనం కదా! త్రిలింగ దేశమూ అంతే. మూడు లింగాలు గల దేశం. బహువ్రీహిలో ‘కల’ అనే అర్థం వస్తుంది గాని ‘మధ్య’ అనే అర్థం రాదు.

ఈ మూడు క్షేత్రాలనూ త్రిలింగ నామాన్నీ స్పష్టంగా ముడివేసిన శ్లోకం విద్యానాథుడి ప్రతాపరుద్రీయంలో ఉంది. ఏ ముగ్గురి వల్ల ఈ దేశం త్రిలింగమనే పేరుతో గొప్ప ఖ్యాతి పొందిందో, ఆ శ్రీశైల, కాళేశ్వర, ద్రాక్షారామ నివాసులైన దేవతలు ప్రతిదినం నీ శ్రేయస్సు కోసం మేలుకొని ఉందురు గాక అని కాకతీయ రాజు ప్రతాపరుద్రుణ్ణి దీవించే శ్లోకమది. ఇక్కడా ‘నడుమ’ లేదు. ఎంపిక మాత్రం చూడదగ్గది. ఒకటి గోదావరిలో ప్రాణహిత కలిసే చోట, ఒకటి గోదావరి డెల్టాలో, ఒకటి కృష్ణ ఒడ్డున నల్లమలలో ఉంది. ద్రాక్షారామం ఒకప్పుడు వేంగి చాళుక్యుల నేల. తీరాంధ్రం ప్రతాపరుద్రుడి ముత్తాత గణపతిదేవుడి కాలంలో కాకతీయుల చేతికి వచ్చింది. కత్తితో కలిసిన మండలాలను కవి మూడు గుళ్ల పేరుతో ఒక దేశంగా చదివాడని నా అభిప్రాయం.

‘నడుమ’ అనే ఊహ కూడా ఊరికే పుట్టలేదు. ఆంధ్రకౌముది అనే వ్యాకరణంలో ఒక కథ ఉంది. ఆంధ్రవిష్ణువు అనే రాజు శ్రీశైలం, భీమేశ్వరం (అంటే ద్రాక్షారామం), కాళేశ్వరాలను మహేంద్రగిరితో కలిపి పెద్ద గోడ కట్టించి, మూడు ద్వారాలు పెట్టించాడట; వాటిలో శివుడు మూడు లింగాలుగా వెలిశాడట. కథకుడికీ ఈ ముక్కోణం చాలలేదు, మహేంద్రగిరిని కూడా తెచ్చుకోవలసి వచ్చింది!

ఇక ‘అదే తెలుగు అయింది’ అన్న మాట. ధ్వనుల లెక్కలో అడ్డేమీ లేదు. ప్రాకృతంలో త్రి తి అవుతుంది, తిలింగ నుంచి తెలుంగు, తెలుఁగు దాకా రావడం అసాధ్యం కాదు. 17వ శతాబ్దంలో అప్పకవి చెప్పిందీ ఇదే. చిక్కంతా కాలం దగ్గరే. ప్రతాపరుద్రీయానికి రెండు శతాబ్దాలకు పైగా ముందే నన్నయ ‘తెనుఁగున’ అన్నాడు. 1330 ప్రాంతపు ముసునూరి ప్రోలయ నాయకుడి విలస తామ్రశాసనం సంస్కృతంలో రాసినదే అయినా, దేశం పేరు ‘తిలింగ’ అనే అంటుంది. చేతిలో త్రిలింగ ఉండగా సంస్కృత కవి తిలింగ ఎందుకు వాడాడు? జనం నోట ఉన్న తెలుంగే ముందు తిలింగగా సంస్కృతంలోకి వెళ్లి, తర్వాత మూడు లింగాల అర్థం తొడుక్కుందని చాలామంది పండితుల మాట. నేనూ అటే మొగ్గుతాను. అదే శాసనం దేశపు హద్దులు చెప్పేటప్పుడు గుళ్లను తలవదు. పడమర మహారాష్ట్రం, తూర్పున కళింగం, దక్షిణాన పాండ్యం, ఉత్తరాన కన్యాకుబ్జం అంటుంది.

కాబట్టి మీ వాక్యాన్ని “మూడు ప్రసిద్ధ లింగాలు గల నేలగా దీన్ని త్రిలింగ దేశమన్నారు” అని మార్చండి. ‘అదే తెలుగు అయింది’ తీసేయండి.

మీ అబ్బాయికి ఇంకో మ్యాపు చూపించవచ్చు. శ్రీశైలానికి నాలుగు ద్వారాలంటారు: తూర్పున త్రిపురాంతకం, పడమర అలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం, దక్షిణాన సిద్ధవటం. ఇక్కడ ద్వారమంటే తలుపూ కాదు, గడపా కాదు. యాత్రికుడు ముందుగా అక్కడి దేవుణ్ణి దర్శించుకుని కొండ దారి పట్టే చోటు; క్షేత్రపు నేల అక్కడే మొదలైనట్టు లెక్క. నాలుగింటిలోకీ ఉమామహేశ్వరమే కొండకు దగ్గర. సిద్ధవటమైతే ఎక్కడో పెన్న ఒడ్డున, మీ కడప జిల్లాలోనే ఉంది.