ఓపెన్ లూప్, క్లోజ్డ్ లూప్ నియంత్రణ: టోస్టర్, థర్మోస్టాట్

ప్రశ్న: టోస్టర్ కూడా దానంతట అదే ఆగిపోతుంది కదా, మరి దాన్ని ఓపెన్ లూప్ అని, థర్మోస్టాట్‌ను క్లోజ్డ్ లూప్ అని ఎందుకంటారు?

సాధారణ టోస్టర్ రొట్టె ఎంత కాలిందో చూడకుండా కేవలం సమయాన్ని బట్టి ఆగుతుంది; థర్మోస్టాట్ మాత్రం గది ఉష్ణోగ్రతను ఎప్పటికప్పుడు కొలుస్తూ, అది కోరిన విలువకు ఎంత దూరంలో ఉందో దాన్ని బట్టి హీటర్‌ను నడుపుతుంది లేదా ఆపుతుంది. ఫలితం గురించిన సమాచారం ఇలా వెనక్కి వచ్చి తదుపరి చర్యను నిర్ణయించడాన్నే ఫీడ్‌బ్యాక్ అంటారు. అది ఉంటే క్లోజ్డ్ లూప్, లేకపోతే ఓపెన్ లూప్.

టోస్టర్‌ను 2 నిమిషాలకు పెట్టి వరుసగా రెండుసార్లు వాడితే, మొదటి వాయికే లోపలి భాగాలు వేడెక్కి ఉంటాయి కనుక, అదే సమయానికి రెండో వాయి ఎక్కువగా మాడవచ్చు; ఆ తేడా టైమర్‌కు తెలియదు. థర్మోస్టాట్‌ను 22 డిగ్రీలకు పెట్టిన గదిలో ఎవరైనా కిటికీ తెరిస్తే, ఉష్ణోగ్రత 21కి పడగానే హీటర్ వెలుగుతుంది, 23కి చేరగానే ఆరిపోతుంది. కిటికీ సంగతి దానికి తెలియనక్కరలేదు. ఆ రెండు డిగ్రీల ఎడం కావాలని ఉంచేదే, లేకపోతే హీటర్ క్షణక్షణం వెలిగి ఆరుతుంది.

దానంతట అదే పనిచేసేదంతా క్లోజ్డ్ లూప్ అనుకోవడం తరచుగా కనిపించే పొరపాటు. క్లోజ్డ్ లూప్ ఎప్పుడూ తప్పు చేయదనుకోవడమూ అంతే: థర్మోస్టాట్ మీద ఎండ పడితే, అది తన దగ్గరి వేడినే గది వేడిగా లెక్కించి, గది చల్లగా ఉండగానే హీటర్‌ను ఆపేస్తుంది.